బెంగళూరు జీసీసీలో మన రోల్ పైన నిజంగా ఎన్ని మెట్లున్నాయి? జేడీలు, పే బ్యాండ్‌లు చదివి తేల్చుకునేదెలా?

వైట్‌ఫీల్డ్_వాసు

అందరికీ నమస్తే. నేను ఔటర్ రింగ్ రోడ్ మీద ఒక అమెరికన్ కంపెనీ జీసీసీలో, అంటే ఆ కంపెనీ ఇక్కడ నడుపుకునే సొంత ఆఫీసులో, సీనియర్ అనలిస్ట్‌గా చేస్తున్నా, పని ఫైనాన్షియల్ రిపోర్టింగ్, నెలాఖరు క్లోజ్, వేరియన్స్ కామెంటరీ ఇలాంటివి. పైకి దారేంటని మా మేనేజర్‌ని అడిగితే లీడ్ అనలిస్ట్, ఆ తర్వాత మేనేజర్, ఆ తర్వాత డైరెక్టర్ అని మూడు ముక్కల్లో చెప్పేశారు. గ్రేడ్ చార్ట్ చూపించమని హెచ్ఆర్‌ని అడిగితే కాన్ఫిడెన్షియల్ అన్నారు. సరే అని మా కెరీర్స్ సైట్‌లోనే కూర్చుని వెతికా, బెంగళూరు పోస్టింగ్‌లలో జీతం మాటే ఉండదు కానీ డెన్వర్ పోస్టింగ్‌లలో రేంజ్ వేస్తున్నారు. మా ఫంక్షన్‌లో దొరికినవి ఇవి, ఏడాదికి వేల డాలర్లలో:

```
సీనియర్ అనలిస్ట్      88 - 132
లీడ్ అనలిస్ట్        104 - 156
ప్రిన్సిపల్ అనలిస్ట్   125 - 187
మేనేజర్            125 - 187
డైరెక్టర్            176 - 264
```

వీటిని చూసి మన బెంగళూరు నిచ్చెన గురించి ఏమైనా తెలుసుకోవచ్చా, లేక ఆ దేశం లెక్క వేరు మన లెక్క వేరు అని వదిలేయాలా? ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కడప_కుర్రాడు

బ్రో సింపుల్, డాలర్ రేంజ్‌ని రూపాయల్లోకి మార్చి దాంట్లో మూడో వంతు వేసుకో, మన బెంగళూరు బ్యాండ్ వచ్చేస్తుంది, మా టీమ్‌లో అందరం ఇలాగే లెక్కేసుకుంటాం. ఇంకోటి, ఒకసారి బ్యాండ్ పైకప్పుకి తగిలితే ఇక హైక్ రాదు, అప్పుడు జంప్ కొట్టడమే. నిచ్చెన గురించి అంత రీసెర్చ్ చేసే టైంలో రెండు ఇంటర్వ్యూలు ఇవ్వొచ్చు.

తిరుపతి_తేజ

వాసు గారూ డెన్వర్‌కి ఇంటర్నల్ ట్రాన్స్‌ఫర్ చూస్తున్నారా? ఎల్1 అయితే లాటరీ లేదు, హెచ్1బీ అయితే మార్చిలో రిజిస్ట్రేషన్. ఆ రేంజ్‌లో పై అంచు అడగండి, మొహమాటపడొద్దు.

వైట్‌ఫీల్డ్_వాసు

లేదు తేజ గారూ, వెళ్లే ఆలోచన లేదు, ఇంట్లో పరిస్థితి వల్ల ఇంకో ఐదారేళ్లు బెంగళూరులోనే. ఇక్కడ నా పైన ఏముందో తెలుసుకోవడం కోసమే ఆ రేంజ్‌లు చూస్తున్నా.

శారద_బెంగళూరు

వాసు గారూ, నేను కాంపెన్సేషన్ టీమ్‌లో పని చేస్తా, గ్రేడ్‌లు బ్యాండ్‌లు కట్టడమే నా పని, వేరే కంపెనీలో లెండి. మీరు తీసిన లిస్టు చాలా పనికొస్తుంది, కాకపోతే దాంట్లో చూడాల్సింది డాలర్లు కాదు, ఒక రేంజ్‌కీ ఇంకో రేంజ్‌కీ మధ్య ఉన్న సంబంధం.

ముందు ఈ రేంజ్‌లు ఎందుకు వేస్తున్నారో చెప్తా. కొలరాడోలో 2021 జనవరి నుంచి జాబ్ పోస్టింగ్‌లో జీతం రేంజ్ వేయడం చట్టం, డెన్వర్ అందులోదే. న్యూయార్క్ సిటీలో 2022 నవంబరు నుంచి, కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 2023 జనవరి నుంచి. మన దగ్గర అలాంటి చట్టం లేదు కాబట్టి బెంగళూరు పోస్టింగ్ ఖాళీగా ఉంటుంది. ఒక జాగ్రత్త ఏంటంటే ఊరిని బట్టి కంపెనీలు రేంజ్ మారుస్తాయి, అందుకని డెన్వర్‌ది డెన్వర్‌తోనే పోల్చాలి, ఒకటి శాన్ ఫ్రాన్సిస్కో ఒకటి డెన్వర్ పెట్టుకుంటే లేని మెట్టు ఉన్నట్టు కనిపిస్తుంది. మీరు ఒకే ఊరు తీసుకున్నారు, మంచి పని చేశారు.

ఇప్పుడు మీ లిస్టు చూడండి. ప్రిన్సిపల్ అనలిస్ట్‌కి, మేనేజర్‌కి రేంజ్ అంకె కూడా తేడా లేకుండా ఒకటే. ఒకే ఊళ్లో రెండు టైటిల్స్‌కి అచ్చంగా ఒకే రేంజ్ ఉందంటే దాదాపుగా ఒకే గ్రేడ్ అన్నమాట. అంటే మీ కంపెనీలో లీడ్ తర్వాత దారి రెండుగా చీలుతుంది, టీమ్‌ని చూసుకునే దారి ఒకటి, టీమ్ లేకుండా పైకెళ్లే దారి ఒకటి. ఈ రెండోది మీ మేనేజర్ గారు చెప్పనేలేదు.

తర్వాత మిడ్‌పాయింట్‌లు తీయండి, అంటే రెండు అంచులూ కలిపి సగం. 110, 130, 156, 220. మొదటి రెండు గెంతులు 18 శాతం, 20 శాతం. మేనేజర్ నుంచి డైరెక్టర్‌కి మాత్రం 41 శాతం. ఇంత నీట్‌గా వెళ్తున్న చోట ఒక్కసారిగా రెట్టింపు గెంతు వచ్చిందంటే మధ్యలో ఒక గ్రేడ్ ఉండి, దానికి బయట పోస్టింగ్ పడట్లేదని అనుమానించాలి. 156 మీద ఇంకో 19 శాతం వేస్తే 185 దగ్గరికొస్తుంది, దాని మీద మళ్లీ 19 శాతం అంటే 220. సరిగ్గా ఒక మెట్టు పట్టే ఖాళీ ఉంది. మీ డైరెక్టరీలో సీనియర్ మేనేజర్ అనో అసోసియేట్ డైరెక్టర్ అనో టైటిల్ ఉన్నవాళ్లు ఉన్నారా?

వైట్‌ఫీల్డ్_వాసు

అమ్మో ఉన్నారు మేడం, సీనియర్ మేనేజర్లు మా ఫ్లోర్‌లోనే ముగ్గురు ఉన్నారు, నేను ఆ టైటిల్‌ని మేనేజర్‌లోనే ఒక రకం అనుకున్నా. కెరీర్స్ సైట్‌లో ఆ టైటిల్‌తో ఒక్క పోస్టింగ్ కూడా లేదు, అందరూ లోపల నుంచి ఎదిగినవాళ్లే.

రమణ_మల్లేశ్వరం

శారద గారు చెప్పింది ఆసక్తిగా ఉంది, కానీ గెంతు పెద్దదైనంత మాత్రాన మధ్యలో మెట్టు ఉందని అనలేం. నేను కేంద్ర ప్రభుత్వ సర్వీసులో చేసి రిటైరయ్యా, మా దగ్గర మొత్తం నిచ్చెన గోడ మీద అంటించినట్టు బహిరంగమే. ఏడో వేతన సంఘం మేట్రిక్స్ 2016 జనవరి నుంచి అమలు, అందులో లెవెల్ 10 మొదటి జీతం 56,100, లెవెల్ 11 67,700, లెవెల్ 12 78,800, లెవెల్ 13 1,23,100. చూడండి, 11 నుంచి 12కి 16 శాతం, 12 నుంచి 13కి 56 శాతం. సెక్రటేరియట్‌లో అయితే అది డిప్యూటీ సెక్రటరీ నుంచి డైరెక్టర్‌కి వెళ్లడం, మధ్యలో దాచిన పదవేమీ లేదు. ఆరో వేతన సంఘం టైంలో పే బ్యాండ్ 3 నుంచి 4కి మారే చోటు అది, ఆ ఎత్తు అలాగే వచ్చేసింది. కాబట్టి గెంతు కనిపిస్తే మెట్టు ఉందనైనా అనుకోవచ్చు, అక్కడ గుమ్మం ఉందనైనా అనుకోవచ్చు.

శారద_బెంగళూరు

రమణ గారూ చాలా మంచి పాయింట్, ఒప్పుకుంటున్నా. ప్రైవేటులో కూడా ఆ గుమ్మాలు ఉంటాయి, ఎగ్జిక్యూటివ్ గ్రేడ్‌లు మొదలయ్యే చోట గెంతు నిజంగానే పెద్దది. అందుకే గెంతు చూసి అనుమానించాలి, డైరెక్టరీలో మనుషుల్ని చూసి ఖాయం చేసుకోవాలి. వాసు గారి విషయంలో ముగ్గురు మనుషులు కనబడ్డారు కాబట్టి అది మెట్టే.

కడప తమ్ముడికి ఒక మాట. పైకప్పు గురించి నువ్వు చెప్పింది చాలావరకు నిజం, కానీ మూడో వంతు లెక్క పనిచేయదు. ఇండియా బ్యాండ్‌లు డాలర్ బ్యాండ్‌ని భాగించి కట్టరు, ఇక్కడి మార్కెట్ సర్వే మీద కడతారు, నేను చూసినంతవరకు ఇక్కడ ఒక గ్రేడ్‌కీ పై గ్రేడ్‌కీ మధ్య గెంతు అమెరికా కంటే పెద్దగా ఉంటుంది. కింద గ్రేడ్‌లో మూడో వంతు కంటే బాగా తక్కువ రావచ్చు, పైకి పోయేకొద్దీ ఆ వంతు పెరుగుతుంది. కాబట్టి డెన్వర్ రేంజ్‌ల నుంచి మెట్ల వరస తీసుకోవాలి, రూపాయలు తీసుకోకూడదు.

కడప_కుర్రాడు

ఓకే అక్కా, మా టీమ్‌లో అందరం ఒకే లెవెల్ కాబట్టి మాకు మ్యాచ్ అయ్యుంటుంది. మరి రూపాయలు ఎలా తెలుస్తాయి? రిక్రూటర్లు చెప్పరు కదా, ముందు మన కరెంట్ సీటీసీ అడుగుతారు.

శారద_బెంగళూరు

నీ హైక్ లెటర్ తీసి చూడు. చాలా కంపెనీల్లో హైక్ లెటర్‌లోనో మేనేజర్ చూపించే స్క్రీన్‌లోనో కాంపా రేషియో అనో పొజిషన్ ఇన్ రేంజ్ అనో ఒక అంకె ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కాంపా రేషియో అంటే నీ ఫిక్స్‌డ్ జీతాన్ని నీ గ్రేడ్ మిడ్‌పాయింట్‌తో భాగిస్తే వచ్చేది. దాన్ని తిరగేస్తే మిడ్‌పాయింట్ నీ చేతికొస్తుంది.

వైట్‌ఫీల్డ్_వాసు

మేడం నా లెటర్‌లో ఉంది! 1.15 అని ఉంది. నా ఫిక్స్‌డ్ 18.4 లక్షలు. ఇది మంచిదా?

శారద_బెంగళూరు

మంచిదా అంటే రెండు వైపులా ఉంది. లెక్క వేద్దాం. 18.4ని 1.15తో భాగిస్తే 16 లక్షలు, అది మీ గ్రేడ్ మిడ్‌పాయింట్. మీ కంపెనీ డెన్వర్ రేంజ్‌లన్నిట్లో పై అంచు కింది అంచుకి ఒకటిన్నర రెట్లు ఉంది, 88కి 132 అలా. ఇక్కడ కూడా అదే వెడల్పు అనుకుంటే మీ బ్యాండ్ 12.8 నుంచి 19.2 లక్షలు. అంటే పైకప్పుకి ఇంకా 80 వేలే ఉంది. వచ్చే ఏడాది 9 శాతం హైక్ వస్తే 20 లక్షలు దాటుతుంది, అది బ్యాండ్ బయట. అప్పుడు కొన్ని కంపెనీలు మిగతాది ఒకేసారి లంప్‌సమ్‌గా ఇచ్చి బేస్ పెంచవు, కొన్ని శాతమే కోసేస్తాయి. ఆ వెడల్పు నా ఊహే, ఇండియాలో ఇంకా వెడల్పు పెట్టే కంపెనీలు ఉన్నాయి, అలాగైతే మీకు ఇంకొంచెం జాగా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. లీడ్ గ్రేడ్ మిడ్‌పాయింట్ మీ దాని కంటే 25 శాతం ఎక్కువ అనుకుందాం, 20 లక్షలు. బ్యాండ్ 16 నుంచి 24. మీ 18.4 అప్పటికే ఆ బ్యాండ్ లోపల ఉంది, కింది అంచు దాటేసి ఉంది. ప్రమోషన్ వచ్చినప్పుడు కంపెనీ తప్పనిసరిగా చేయాల్సింది మిమ్మల్ని కింది అంచుకి చేర్చడం వరకే, మీరు ఆల్రెడీ దాటేశారు కాబట్టి 8, 10 శాతంతో సరిపెట్టే అవకాశం ఉంది. అందరూ 25 శాతం ఊహించుకుని తర్వాత బాధపడేది ఇక్కడే. కానీ ఆ ప్రమోషన్‌తో మీ కాంపా రేషియో 1.15 నుంచి ఒకటికి దగ్గరగా పడిపోతుంది, మళ్లీ ఏటా హైక్ వచ్చే జాగా తెరుచుకుంటుంది. మీకు ఆ ప్రమోషన్ విలువ మొదటి ఏడాది లెటర్‌లో కనిపించదు, తర్వాత రెండు మూడేళ్లలో కనిపిస్తుంది.

గుంటూరు_గీత

నాది కొంచెం వేరే కథ, అయినా చెప్తా. నేను ఒక విదేశీ బ్యాంకు క్యాప్టివ్‌లో, అంటే మీ జీసీసీ లాంటి దాంట్లోనే, ఏవీపీని. ఊళ్లో మా మామగారు అందరికీ మా కోడలు వైస్ ప్రెసిడెంట్ అని చెప్తారు, కానీ నా కింద ఒక్క మనిషి లేరు, నేను రీకన్సిలియేషన్లు చేసే ఇండివిడ్యువల్ కంట్రిబ్యూటర్‌ని. బ్యాంకుల్లో ఏవీపీ, వీపీ అంటే గ్రేడ్ పేర్లు, అధికారం పేర్లు కావు. నేను బయట కంపెనీకి వెళ్తే వాళ్లు సీనియర్ అనలిస్టో లీడో ఇస్తామన్నారు, మొదట అవమానంగా అనిపించింది, తర్వాత జేడీలు పక్కపక్కన పెట్టి చదివితే పని సరిగ్గా అదే. టైటిల్ చూసి నిచ్చెన గీస్తే మా లాంటివాళ్ల లెక్క అంతా తప్పిపోతుంది. శారద గారూ, రేంజ్ లేని బెంగళూరు జేడీలో గ్రేడ్ ఎలా పట్టుకోవాలి?

నాగ్_ఈసిటీ

నా పద్ధతి ఎక్స్‌పీరియన్స్ లైన్. 5 ప్లస్ అంటే సీనియర్, 8 ప్లస్ లీడ్, 12 ప్లస్ మేనేజర్. ఎలక్ట్రానిక్ సిటీలో సర్వీస్ కంపెనీలన్నీ ఇలాగే నడుస్తాయి.

శారద_బెంగళూరు

నాగ్ గారూ, సర్వీస్ కంపెనీల్లో మీరు చెప్పింది చాలావరకు పనిచేస్తుంది. జీసీసీలో ఆ లైన్ మీద నేను ఆధారపడను, అది రిక్రూటర్‌కి రెజ్యూమెలు వడకట్టుకోవడానికి పెట్టుకునేది, ఒకే గ్రేడ్‌కి ఒక పోస్టింగ్‌లో 6 ప్లస్ ఇంకోదాంట్లో 9 ప్లస్ రాసినవి చూశా.

గీత గారూ, నేనైతే ఎవరికి రిపోర్ట్ చేస్తారు, నిర్ణయం ఎవరిది, బోనస్ టార్గెట్ శాతం ఎంత అని చూస్తా. ఈ మూడిట్లో బోనస్ శాతం చాలా గట్టి గుర్తు. కొలరాడో చట్టంలో రేంజ్‌తో పాటు బోనస్, బెనిఫిట్స్ గురించి కూడా రాయాలి, చాలా కంపెనీలు టార్గెట్ 10 శాతం, 15 శాతం అని అంకె వేసేస్తాయి. ఊరు మారితే బేస్ రేంజ్ మారుతుంది కానీ ఆ శాతం చాలా చోట్ల గ్రేడ్‌కే కట్టి ఉంటుంది. మీ ఆఫర్ లెటర్‌లో వేరియబుల్ శాతం ఉంటుంది కదా, దాన్ని ఆ పోస్టింగ్‌ల పక్కన పెట్టండి.

నిర్ణయం సంగతికొస్తే, వాసు గారూ, మీ కంపెనీ డెన్వర్ మేనేజర్ జేడీ, బెంగళూరు మేనేజర్ జేడీ రెండూ తెరిచి లైన్ లైన్‌కీ పోల్చండి. మామూలుగా ఇక్కడివాళ్లు అక్కడి జేడీనే కాపీ చేసి కొన్ని లైన్లు తీసేస్తారు. అసలు సమాచారం ఆ తీసేసిన లైన్లలోనే ఉంటుంది.

తిరుపతి_తేజ

హెచ్1బీ కోసం కంపెనీలు వేసే ఎల్‌సీఏ అప్లికేషన్‌లో కూడా టైటిల్, ఊరు, జీతం ఉంటాయి కదా మేడం, అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఎక్సెల్ దొరుకుతుంది, అందులో లెవెల్ 1 నుంచి 4 అని కూడా ఉంటుంది. అది వాడొచ్చా?

శారద_బెంగళూరు

వాడొచ్చు తేజ గారూ, ముఖ్యంగా పోస్టింగ్ పడని టైటిల్స్ అందులో బయటపడతాయి, వాసు గారు సీనియర్ మేనేజర్ కోసం వెతకొచ్చు. కానీ ఆ నాలుగు లెవెల్స్ ప్రభుత్వానివి, కనీస వేతనం తేల్చడానికి పెట్టుకున్నవి, కంపెనీ గ్రేడ్‌లతో కలిపి చూడకండి.

వైట్‌ఫీల్డ్_వాసు

శనివారం కూర్చుని చేశా మేడం, చూసి తల తిరిగింది. డెన్వర్ మేనేజర్ జేడీలో ఉన్నవి, బెంగళూరు దాంట్లో లేనివి ఇవి. అకౌంటింగ్ పొజిషన్ అప్రూవ్ చేయడం, బిజినెస్ సీఎఫ్‌ఓకి ప్రెజెంట్ చేయడం, టీమ్ బడ్జెట్. వాటి ప్లేస్‌లో బెంగళూరు దాంట్లో ఆన్‌షోర్ మేనేజర్‌తో కోఆర్డినేట్ చేయడం అని ఒక లైన్ ఉంది. టీమ్‌ని చూసుకోవడం, క్లోజ్ క్యాలెండర్, ఆడిట్ సపోర్ట్ రెండిట్లోనూ ఒకటే.

బోనస్ చూస్తే డెన్వర్ లీడ్‌కి 10 శాతం, డెన్వర్ మేనేజర్‌కి 15 శాతం. ఇక్కడ నా ఫ్రెండ్ ఒకతను లీడ్, అతని వేరియబుల్ 10. ఇంకో ఫ్రెండ్ పోయిన ఏడాది లీడ్ నుంచి మేనేజర్ అయ్యాడు, అతని వేరియబుల్ అడిగితే 10 అన్నాడు, మారలేదట! అంటే బెంగళూరులో లీడ్, మేనేజర్ ఒకే గ్రేడా? టీమ్ పని నెత్తి మీద పడింది కానీ మెట్టు ఎక్కలేదా?

నాగ్_ఈసిటీ

తొందరపడొద్దు వాసు. కొన్ని కంపెనీల్లో ఇండియాకి వేరియబుల్ టేబుల్ వేరే ఉంటుంది, మా దగ్గర నాలుగు గ్రేడ్‌లకి కలిపి 10 శాతమే. శాతం మారలేదని గ్రేడ్ మారలేదని కాదు.

శారద_బెంగళూరు

నాగ్ గారు చెప్పిన ప్రమాదం నిజమే. వాసు గారూ, మీ సొంత వేరియబుల్ ఎంత?

వైట్‌ఫీల్డ్_వాసు

8 మేడం. డెన్వర్ సీనియర్ అనలిస్ట్ పోస్టింగ్‌లో కూడా 8.

శారద_బెంగళూరు

సీనియర్, లీడ్ రెండూ డెన్వర్‌తో సరిపోయాయంటే మీ కంపెనీలో టేబుల్ రెండు ఊళ్లకీ ఒకటే అయ్యుండే అవకాశం ఎక్కువ. దానికి తోడు ఆ మూడు లైన్లు తీసేశారు. కాబట్టి బెంగళూరు మేనేజర్ డెన్వర్ లీడ్ గ్రేడ్‌లో కూర్చున్నాడన్నదే నా అంచనా. ఖాయం చేసుకోవాలంటే మీ ఫ్రెండ్‌ని హెచ్ఆర్ పోర్టల్‌లో తన ప్రొఫైల్ తెరిచి జాబ్ ప్రొఫైల్ కోడ్, గ్రేడ్ కోడ్ ప్రమోషన్‌కి ముందు, తర్వాత ఏమున్నాయో చూడమనండి. తన రికార్డ్ తనకి కనిపిస్తుంది, హిస్టరీలో ఉంటుంది. కోడ్ మారకపోతే అది గ్రేడ్ మారిన ప్రమోషన్ కాదు, టైటిల్ మార్పు.

అదే నిజమైతే మీ నిచ్చెన మారిపోతుంది. మీ పైన మొదటి మెట్టు లీడ్ లేదా బెంగళూరు మేనేజర్, రెండూ ఒకే ఎత్తు. అసలైన రెండో మెట్టు ప్రిన్సిపల్ అనలిస్ట్ లేదా బహుశా మీ ఫ్లోర్‌లో ఉన్న సీనియర్ మేనేజర్. మీ మేనేజర్ గారితో మళ్లీ మాట్లాడేటప్పుడు మేనేజర్ ఎప్పుడవుతాను అని అడగకండి, లీడ్ కంటే ఒక గ్రేడ్ పైన బెంగళూరులో ఏయే రోల్స్ ఉన్నాయి, అందులో పోయిన రెండేళ్లలో ఎవరు చేరారు అని అడగండి. గ్రేడ్ కాగితం మీద ఉండి, ఇక్కడ ఆ గ్రేడ్‌లో సీటే లేకపోతే అది మీకు మెట్టు కాదు.

గుంటూరు_గీత

ఈ సీటు మాట మా దగ్గర వందకి వంద నిజం. వీపీ పైన డైరెక్టర్ గ్రేడ్ ఉంది కానీ మా ఫంక్షన్‌లో ఆ సీట్లన్నీ లండన్‌లో, ఇక్కడ ఒకే ఒక్కటి, ఆయన వెళ్లేదాకా ఎవరికీ రాదు.

వైట్‌ఫీల్డ్_వాసు

ఫ్రెండ్ పోర్టల్ చూసి చెప్పాడు. జాబ్ ప్రొఫైల్ కోడ్ మారింది, గ్రేడ్ కోడ్ మారలేదు. పాపం వాడికి ఏం చెప్పాలో అర్థం కాలేదు, ఏడుగురిని చూసుకుంటున్నాడు.

డైరెక్టరీలో ప్రిన్సిపల్ అనలిస్ట్ అని వెతికితే మా ఫంక్షన్‌లో బెంగళూరులో ఒక్కరే వచ్చారు, ఆవిడ డెన్వర్ నుంచి తిరిగొచ్చి ఇక్కడ చేరారు. ఇక్కడ నుంచి ఎదిగి ఆ టైటిల్ తెచ్చుకున్నవాళ్లు ఎవరూ కనబడలేదు. మరి ఆ దారి మాకు ఉన్నట్టా లేనట్టా?

నాగ్_ఈసిటీ

లేనట్టే. తిరిగొచ్చినవాళ్లు గ్రేడ్ మోసుకొస్తారు, అది సీటు కాదు, ఆవిడ వెళ్తే ఆ గ్రేడ్‌తో ఇక్కడ పోస్ట్ తీయరు.

శారద_బెంగళూరు

నేను అంత గట్టిగా చెప్పలేను నాగ్ గారూ. ఒక మనిషి ఆ గ్రేడ్‌లో ఇక్కడి పేరోల్ మీద ఉన్నారంటే ఆ గ్రేడ్‌కి ఇండియా బ్యాండ్ అంటూ ఒకటి కట్టి ఉంటారు, అది చిన్న విషయం కాదు, చాలా చోట్ల అడ్డంకి అక్కడే మొదలవుతుంది. వాసు గారూ, వీలైతే ఆవిడనే ఒక కాఫీకి పిలిచి అడగండి, ఆవిడ పని ఎవరు అప్రూవ్ చేస్తున్నారు, ఆవిడ సంతకంతో పోయే మెమోలు ఏమైనా ఉన్నాయా అని. డెన్వర్ మేనేజర్ జేడీలో అకౌంటింగ్ పొజిషన్ అప్రూవ్ చేయడం అన్న లైన్ ఉంది కదా, అదే గ్రేడ్ కాబట్టి ఆ పని ఆవిడ ఇక్కడ కూర్చుని చేస్తున్నారా లేదా అన్నది చూడాలి.

వైట్‌ఫీల్డ్_వాసు

క్లోజ్ అయిపోయాక వచ్చే వారం అడుగుతా మేడం, ఆవిడ ఒప్పుకుంటే ఇక్కడే రాస్తా.